లెక్కల్లో ముందున్న బిడ్డకు బడి మార్చాలా, తరగతి మార్చాలా, పని మార్చాలా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని ఉన్నత పాఠశాలల్లో ఆరో తరగతి, ఏడో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలు ముగిశాక లెక్కల మాస్టారు ఒక బిడ్డ తల్లిదండ్రులను పిలిపించి, "మీ బిడ్డ ఇక్కడ ఉండాల్సిన బిడ్డ కాదండీ, నెల్లూరులోనో ఒంగోలులోనో చేర్చండి" అని చెప్పడం తరచుగా జరుగుతుంది. ఆయన మంచి మనసుతోనే చెబుతారు. కానీ ఆ మాటతో ఇంట్లో చర్చ ఒక్కసారిగా ఏ బడి, ఎంత ఫీజు, హాస్టలా బస్సా అనే దారి పడుతుంది. ఆ బిడ్డ ఇకమీదట లెక్కలు ఎవరితో కలిసి చేస్తాడన్న ప్రశ్న ఎవరి నోటా రాదు. నా దృష్టిలో నిర్ణయమంతా ఆ ప్రశ్న మీదే ఆధారపడి ఉండాలి. ఎందుకంటే పదకొండు పన్నెండేళ్ల వయసులో గణితం మీద ఇష్టం తగ్గిపోయిన ప్రతిభావంతులైన పిల్లల్లో చాలామంది పాఠం సులువుగా ఉండడం వల్ల మాత్రమే దానికి దూరం కాలేదు; ఆ ప్రతిభ తమను తోటివారి నుంచి వేరు చేస్తోందని తెలుసుకుని దానిని దాచుకోవడం మొదలుపెట్టారు.

ఇక్కడ నేను పోల్చబోయే దారులు నాలుగు: పట్నంలో ఫౌండేషన్ బ్యాచ్‌లో చేర్చడం, పై తరగతికి పంపడం, ఉన్న తరగతిలోనే విడిగా అదనపు లెక్కలు ఇవ్వడం, ఉన్న తరగతిలోనే అదే పాఠాన్ని తోడుతో కలిసి లోతుగా చేయించడం. నా సిఫారసు నాలుగోదానికి. దానికి కారణాలను, అది పనికిరాని సందర్భాలను కూడా చెబుతాను.

ముందుగా తేల్చుకోవలసినది

వేగంగా లెక్క చేసే బిడ్డ, గణితంలో ప్రతిభ ఉన్న బిడ్డ ఒకరే కానక్కరలేదు. ఎక్కాలు ఇరవై దాకా తడబడకుండా చెప్పి, పుస్తకంలోని అభ్యాసాలన్నీ ముందే పూర్తి చేసిన బిడ్డకు ఇంట్లో మంచి సాధన దొరికి ఉండవచ్చు. అది మెచ్చుకోదగినదే గానీ, అటువంటి బిడ్డకు వేరే ప్రణాళిక అవసరం లేదు. తేడా తెలుసుకోవడానికి పెద్ద పరీక్షలేవీ అక్కరలేదు. ఒకటి నుంచి ముప్పై వరకు సంఖ్యలు రాయించి, ఒక్కొక్కదానికి ఎన్ని కారణాంకాలు ఉన్నాయో లెక్కపెట్టమని, కారణాంకాల సంఖ్య బేసిగా వచ్చేవి ఏవో చూడమని అడగండి. 1, 4, 9, 16, 25 అని చాలామంది పిల్లలు చెబుతారు. అవి వర్గ సంఖ్యలని కొందరు గుర్తిస్తారు. సాధనతో ముందున్న బిడ్డ అక్కడితో ఆగి, "సరేనా సార్?" అని మీ ముఖం చూస్తుంది. గణితం వైపు మొగ్గు ఉన్న బిడ్డ ఆగదు. "ముప్పై తర్వాత కూడా ఇంతేనా?" అని తానే అడుగుతుంది. కాసేపటికి, కారణాంకాలు ఎప్పుడూ జంటలుగా వస్తాయని, 12కు 2తో 6, 3తో 4 జత కడతాయని, వర్గ సంఖ్యలో మాత్రం ఒక కారణాంకం తనతో తానే జత కడుతుందని తన మాటల్లో చెబుతుంది. సమాధానం వచ్చాక కూడా కారణం కోసం వెదికే ఈ గుణం రెండు మూడు వేర్వేరు ప్రశ్నల్లో కనిపిస్తే, ఆ బిడ్డకు ఇప్పుడున్న పని చాలదని ధైర్యంగా అనుకోవచ్చు.

పట్నంలో ఫౌండేషన్ బ్యాచ్

నెల్లూరు పట్టణంలో ఐ.ఐ.టి. ఫౌండేషన్ పేరుతో ఆరో తరగతి నుంచే బ్యాచ్‌లు నడుస్తున్నాయి కాబట్టి తల్లిదండ్రులకు మొదట తోచే దారి ఇదే. దీనిలో నిజమైన మేలు ఒకటుంది: తనలాగే లెక్కలంటే ఇష్టపడే పిల్లలు నలుగురు ఒకచోట దొరుకుతారు. ఊళ్లో అటువంటి తోడు ఒక్కరూ లేని బిడ్డకు అది చిన్న విషయం కాదు.

అయితే అక్కడ సాధారణంగా జరిగేది పై తరగతుల పాఠాన్ని ముందుగా చెప్పి, నాలుగు ఐచ్ఛికాల ప్రశ్నలతో సాధన చేయించడం. కారణం వెదికే బిడ్డకు కావలసింది తొమ్మిదో తరగతి సూత్రాన్ని ఆరో తరగతిలో వినడం కాదు, ఆరో తరగతి సూత్రం ఎందుకు నిలుస్తుందో కూర్చుని ఆలోచించే సమయం. ఐచ్ఛికాల సాధనలో ఆ సమయమే మొదట పోతుంది. రెండో ఇబ్బంది బిడ్డ తన గురించి తాను అనుకునే తీరులో వస్తుంది. ఏరి కూర్చిన గుంపులో చేరిన పిల్లలు, అంతే సామర్థ్యం ఉండి మామూలు తరగతుల్లో చదివే పిల్లలకంటే తమ తెలివిని తక్కువగా అంచనా వేసుకుంటారని హెర్బర్ట్ మార్ష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో చూపించారు. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో అదే ఫలితం మళ్లీ మళ్లీ కనిపించింది. ఊళ్లో మొదటివాడిగా ఉండి, పట్నంలో వారం వారం ర్యాంకు పట్టికలో ముప్పయ్యోవాడుగా కనిపించే బిడ్డ "నాకు లెక్కలు రావు" అని నమ్మడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఏకాకితనం విషయంలో ఈ దారి రెండు వైపులా పనిచేస్తుంది. గణితంలో తోడు దొరుకుతుంది, వీధిలో తోడు పోతుంది. ఆత్మకూరు వైపు నుంచో కందుకూరు వైపు నుంచో రోజూ బస్సులో వెళ్లి వచ్చే బిడ్డకు సాయంత్రం ఆటకు సమయం మిగలదు. హాస్టల్‌లో ఉండే బిడ్డ సెలవుల్లో ఇంటికి వచ్చేసరికి పాత స్నేహితులకు వేరే జట్లు ఏర్పడి ఉంటాయి. బిడ్డ తానే అడిగి, ప్రయాణం ఒక వైపుకు గంటలోపు ఉండి, ఆదివారం పూర్తిగా సెలవుగా మిగిలితే దీనిని ఆలోచించవచ్చు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఏడో తరగతి లోపల దీనికి పోవద్దనే చెబుతాను.

నవోదయ విద్యాలయాన్ని దీనితో కలిపి చూడకూడదు. ఎనిమిదో తరగతి దాకా అది పూర్తిగా ఉచితం. సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ ప్రాంతాల పిల్లలకే కేటాయించారు కాబట్టి అక్కడ చేరిన బిడ్డ తనలాంటి నేపథ్యం ఉన్నవారి మధ్యే ఉంటుంది. కానీ ఆరో తరగతి ప్రవేశానికి పరీక్ష ఐదో తరగతిలోనే రాయాలి. కాబట్టి ఆరో తరగతి మధ్యలో మొదలయ్యే మన చర్చకు అది ఆలస్యమైన దారి.

పై తరగతికి పంపడం

అమెరికాలో 1971లో జూలియన్ స్టాన్లీ జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన దీర్ఘకాల పరిశోధన, గణితంలో అసాధారణ ప్రతిభ గల పిల్లలను దశాబ్దాల తరబడి గమనించింది. జాగ్రత్తగా ఎంచి ముందుకు జరిపిన పిల్లలకు దానివల్ల హాని కలగలేదని, చాలామంది పెద్దయ్యాక ఆ నిర్ణయాన్ని సమర్థించుకున్నారని తేలింది. కాబట్టి ముందుకు పంపితే బిడ్డ చెడిపోతుందన్న భయానికి ఆధారం లేదు. కానీ ఆ పిల్లలకు కోరుకున్న సబ్జెక్టును మాత్రమే వేరే చోట చదువుకునే వెసులుబాటు ఉండేది. మన బడుల్లో అది తేలిక కాదు. 2009 విద్యాహక్కు చట్టం పిల్లలను వయసుకు తగిన తరగతిలో ఉంచాలనే ఆలోచన మీద నడుస్తుంది. పేర్ల నమోదు, వయసు నిబంధనలు కూడా తరగతి దాటించడానికి అడ్డు వస్తాయి.

మిగిలేది గణితం పీరియడుకు మాత్రమే పై తరగతిలో కూర్చోబెట్టడం. ప్రధానోపాధ్యాయులు ఒప్పుకుని, రెండు తరగతుల గణితం ఒకే పీరియడులో పడితే ఇది జరుగుతుంది. ఇక్కడ నాకు కనిపించే లోపం ఏమిటంటే, ఆ బిడ్డ తన తరగతిలో అందరి కళ్లలో పడేది, అందరికీ పనికొచ్చేది లెక్కల పీరియడులోనే. సరిగ్గా అదే సమయానికి ఆ బిడ్డ లేచి బయటికి వెళ్లిపోతుంది. పై తరగతి వాళ్లు తనను చిన్నపిల్లగానే చూస్తారు, సొంత తరగతి వాళ్లు తనను తమ పిల్లగా చూడడం మానేస్తారు. పదో తరగతికి వచ్చేసరికి చదివిన పాఠమే మళ్లీ చదవాల్సి రావడం ఇంకొక సమస్య. ఇద్దరు పిల్లలు కలిసి వెళ్లగలిగితే, ఆ పై రెండేళ్ల దారి కూడా ముందే కాగితం మీద రాసుకోగలిగితే మాత్రమే దీనిని ఎంచుకోండి.

విడిగా అదనపు లెక్కలు

దీని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మాస్టారు బోర్డు మీద చెబుతుండగా ముందున్న బిడ్డకు ఇంకొక పుస్తకం ఇచ్చి వెనక బల్ల మీద కూర్చోబెట్టడం మన బడుల్లో అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది. త్వరగా పని ముగించినందుకు అదే రకం పని ఇంకో ఇరవై లెక్కలుగా వస్తుంది. చేసినదానిని ఎవరూ చదవరు, దాని గురించి మాట్లాడేవారు ఉండరు. కొద్ది వారాల్లో బిడ్డ నెమ్మదిగా చేయడం నేర్చుకుంటుంది. ఖర్చు లేకపోవడం వల్ల ఇది ప్రణాళికలా కనిపిస్తుంది.

దీనికి దగ్గరి బంధువు, బిడ్డను శాశ్వతంగా చిన్న టీచరుగా మార్చడం. రానివాళ్లకు చెప్పమనడం అప్పుడప్పుడు మంచిదే. రోజూ అయితే ఆ బిడ్డ తోటివారికి స్నేహితురాలిగా కాక మాస్టారి మనిషిగా కనిపిస్తుంది, తన నేర్పు మాత్రం అక్కడే ఆగిపోతుంది. వారంలో ఒక పీరియడుకు మించి ఆ పని అప్పగించకూడదు.

అదే పాఠం, తోడుతో, లోతుగా

నాలుగో దారిలో బిడ్డ తరగతిని వదలదు, పాఠాన్ని కూడా వదలదు. తనకు ఇప్పటికే వచ్చిన సాధన మాత్రం వదిలి, ఆ సమయంలో అదే పాఠంలోని లోతైన ప్రశ్న మీద ఇద్దరు ముగ్గురితో కలిసి పనిచేస్తుంది. వచ్చినదానిని ముందే కొలిచి, ఆ మేరకు సాధన తగ్గించే పద్ధతిని అమెరికాలో జోసెఫ్ రెంజుల్లీ, ఆయన సహచరులు 1970లలో రూపొందించారు. మన తరగతికి తగినట్టు దానిలో నేను చేసే మార్పు ఒక్కటే: ముందస్తు పరీక్ష ఆ ఒక్క బిడ్డకు కాక తరగతి మొత్తానికి పెట్టాలి.

ఉదాహరణకు కావలి దగ్గరి ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆరో తరగతి, నలభై మంది పిల్లలు, వారానికి ఆరు గణితం పీరియడ్లు ఉన్నాయనుకుందాం. పాఠం గ.సా.భా., క.సా.గు. ఆ తరగతిలో కారణాంకాల జంటల సంగతి తానే కనిపెట్టిన పాప ఉంది. పాఠం మొదలుపెట్టే ముందు అరగంటలో ముగిసే పది ప్రశ్నల పరీక్ష అందరికీ పెట్టాలి. 24, 36ల గ.సా.భా. కనుక్కోవడం, రెండు గంటలు మళ్లీ ఎప్పుడు కలిసి మోగుతాయో చెప్పడం, రెండు సంఖ్యల లబ్ధం 180, గ.సా.భా. 3 అయితే క.సా.గు. ఎంతో చెప్పడం వంటి ప్రశ్నలు సరిపోతాయి. దీనికి మార్కులు ప్రకటించకూడదు. ఆ పాపకు తొమ్మిది వస్తాయని మీకు ముందే తెలుసు. మీకు తెలియనిది ఏమిటంటే, ఇంకో ముగ్గురు నలుగురికి ఆరో ఏడో వస్తాయి. వాళ్లలో ఒకడు లెక్క తప్పినా దారి కొత్తగా వేసి ఉంటాడు, ఇంకొకరు బొమ్మ గీసి చేసి ఉంటారు. ఆ పాపకు తోడు వీళ్లే. తనతో సమానమైనవాళ్లు ఊళ్లో లేరని విచారించే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే: సమానులు దొరకకపోయినా ఒక ప్రశ్న మీద ఆసక్తి కలిగినవాళ్లు దాదాపు ప్రతి తరగతిలో దొరుకుతారు, వాళ్లను బయటపెట్టే పరీక్ష మనం పెట్టడం లేదు.

ఇప్పుడు పని. పాఠం రెండో రోజున తరగతి మొత్తానికి గళ్ల కాగితం ఇచ్చి, గడుల గీతల వెంబడి దీర్ఘచతురస్రం గీసి, ఒక మూల నుంచి ఎదుటి మూలకు కర్ణం గీయమనండి. కర్ణం ఎన్ని గడుల లోపలి నుంచి పోతుందో లెక్కపెట్టాలి. 2, 3 గడుల దీర్ఘచతురస్రంలో 4 గడులు వస్తాయి. 3, 4కు 6 గడులు, 3, 5కు 7 గడులు. రెండు కొలతలనూ కూడి ఒకటి తీసేస్తే చాలని పది నిమిషాల్లో తరగతిలో సగం మంది అంటారు. అప్పుడు 4, 6 గీయమనాలి. 9 రావాలి గానీ 8 వస్తుంది. 6, 9కు 14 కాక 12 వస్తుంది. నియమం విరిగిపోయిన ఈ క్షణం నుంచి పాప పని మొదలవుతుంది. ఇది తనకు మాత్రమే విడిగా ఇచ్చిన పని కాదు, తరగతి అంతటికీ పుట్టిన ప్రశ్న.

ఒక్కో జంటకు ఒక్కో కొలత పంచి, ఫలితాలను బోర్డు మీద ఒకే పట్టికలో రాయించాలి. ఈ పట్టిక లేకుండా పాప తన క్రమాన్ని కనుక్కోలేదు, ఇరవై బొమ్మలు ఒక్కతే గీయడానికి సమయం ఉండదు. అంటే ఆ పాపకు తరగతి కావాలి. పట్టికలో తప్పులూ వస్తాయి. 5, 8 దీర్ఘచతురస్రంలో కర్ణం రెండు గడి మూలల పక్కనుంచి గడిలో ఎనిమిదో వంతు దూరంలో మాత్రమే పోతుంది. అర సెంటీమీటరు గళ్ల మీద మొద్దు పెన్సిలుతో గీస్తే ఆ తేడా కనబడదు. కాబట్టి ఒక జంట 12 అంటుంది, ఇంకో జంట 10 అంటుంది. బొమ్మ గీయకుండా ఏది నిజమో ఎలా చెప్పాలన్న ప్రశ్నను పాప ఉన్న గుంపుకు ఇవ్వాలి. ఇప్పుడు తరగతికి పాప కావాలి. ఈ రెండు అవసరాలు ఒకే పనిలో కలిసేలా చూడడమే ఈ దారిలో ఉపాధ్యాయుని నేర్పు.

మిగిలిన తరగతి తర్వాతి రోజుల్లో అభ్యాసం లెక్కలు చేస్తుండగా, వారంలో రెండు పీరియడ్లు ఆ నలుగురూ ముందు వరుస పక్క బల్ల దగ్గర కూర్చుని దీని మీద పనిచేస్తారు. స్టాఫ్ రూములో కాదు, వెనక బల్ల మీద కాదు. వాళ్లు చేరవలసిన చోటు ఇది. నిలువు కొలత m, అడ్డం కొలత n అయితే లోపల m − 1 అడ్డగీతలు, n − 1 నిలువుగీతలు ఉంటాయి. కర్ణం ఒక గడిలో మొదలై, ఒక్కో గీతను దాటినప్పుడల్లా ఒక కొత్త గడిలో అడుగుపెడుతుంది. కాబట్టి m + n − 1 గడులు రావాలి. అయితే కర్ణం సరిగ్గా ఒక గడి మూల మీదుగా పోతే రెండు గీతలను ఒకేసారి దాటుతుంది, కొత్త గడి మాత్రం ఒకటే వస్తుంది. లోపల అటువంటి మూలలు గ.సా.భా. కంటే ఒకటి తక్కువ ఉంటాయి. ఆ మేరకు తగ్గిస్తే,

m + n − (m, n ల గ.సా.భా.)

మిగులుతుంది. రెండు కొలతలు పరస్పర ప్రధాన సంఖ్యలైనప్పుడు మొదట అనుకున్న నియమం ఎందుకు పనిచేసిందో కూడా దీనితోనే తెలుస్తుంది. పాఠ్యపుస్తకంలోని గ.సా.భా.కు ఇంతకంటే దగ్గరి పని లేదు. పుస్తకం దాటి పోలేదు, పై తరగతి సూత్రం ఒక్కటీ వాడలేదు.

ఈ నిరూపణను పాప ఒకటి రెండు పీరియడ్లలో పట్టుకోవచ్చు. అక్కడ ఒక కట్టుబాటు పెట్టండి: తరగతికి బోర్డు దగ్గర వివరించేది పాప కాదు, గుంపులో ఇంకొకరు. వాళ్లు తడబడకుండా చెప్పగలిగితేనే గుంపు పని పూర్తయినట్టు. దీనివల్ల పాప తనకు తెలిసినదానిని ఇంకొకరికి అర్థమయ్యే మాటల్లో పెట్టాలి, వాళ్లు అడిగే ప్రశ్నలకు ఆగి ఆలోచించాలి. తోటివాడు "మూల దగ్గర ఒకటే ఎందుకు తగ్గించాలి, రెండు ఎందుకు తగ్గించకూడదు?" అని అడిగినప్పుడు పాప నిరూపణలోని బలహీనమైన చోటు బయటపడుతుంది. ఒంటరిగా చేస్తే అది ఎప్పటికీ బయటపడదు.

ఇంకా ముందుకు పోగల బిడ్డకు అదే ప్రశ్న తలుపు తెరిచి ఉంచుతుంది. చిన్న ఘనాలతో కట్టిన దీర్ఘఘనంలో మూల నుంచి ఎదుటి మూలకు పోయే కర్ణం ఎన్ని ఘనాల గుండా పోతుంది? 2, 3, 4 కొలతలకు 6 వస్తుంది. ఇక్కడ జంట జంటకూ గ.సా.భా. తీసివేసి, మూడింటి గ.సా.భా.ను తిరిగి కలపాలి. దీనిని ఇంటికి ఇచ్చి, వారానికి రెండు గంటలకు మించి దాని మీద కూర్చోవద్దని చెప్పాలి. నెల పట్టినా తొందరపెట్టకూడదు. మాస్టారు చేయవలసింది ఆ పుస్తకాన్ని వారానికొకసారి ఐదు నిమిషాలు చదివి, ఒక ప్రశ్న రాసి ఇవ్వడం.

ఇటువంటి పనులు పాఠానికి ఒకటి దొరికితే చాలు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నడిపే ఎన్‌రిచ్ వెబ్‌సైటులో, తరగతి అంతా మొదలుపెట్టగలిగి కొందరు చాలా దూరం పోగలిగే ప్రశ్నలు ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లీషులో ఉన్నవాటిని మాస్టారు తెలుగులో బోర్డు మీద రాయవచ్చు.

వీలైతే శనివారం చివరి పీరియడులో ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా ఇష్టమున్న పిల్లలు పది పన్నెండు మందితో ఒక లెక్కల కూటం పెట్టండి. ఎంపిక పరీక్ష వద్దు. ఇరవై ఒక్క చింతపిక్కలు కుప్పపోసి, ఒక్కొక్కరు వంతుకు ఒకటి నుంచి మూడు దాకా తీసుకోవాలని, చివరి పిక్క తీసినవారిదే గెలుపని చెబితే, నాలుగుకు గుణిజమైన సంఖ్యలో పిక్కలను ఎదుటివారికి వదలాలన్న సంగతి కూటం తానే కనుక్కుంటుంది. వామనగుంటలు, పులిజూదం కూడా ఇక్కడ పనికొస్తాయి. పాపకు ఈ కూటంలో దొరికే అసలు మేలు ఎనిమిదో తరగతి అక్క ఒకరు తనకంటే బాగా ఆలోచించడం చూడగలగడం. తాను ఎప్పుడూ మొదటిది కాని చోటు ఒకటి ప్రతిభావంతురాలికి కావాలి, అది ర్యాంకు పట్టిక లేని చోటు కావాలి.

పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం

గణితం ముందుకు పోతోందా అన్నది పుస్తకంలో కనబడుతుంది. ఒంటరితనం అలా కనబడదు. నేను సూచించే కొలత సులువైనది. ప్రణాళిక మొదలుపెట్టే ముందు, మళ్లీ ఎనిమిది వారాల తర్వాత, తరగతిలో ప్రతి పిల్లవాడినీ చీటీ మీద "ఏ ముగ్గురితో కలిసి పనిచేయడం ఇష్టం?" అన్నదానికి పేర్లు రాయమనండి. చీటీలు మాస్టారు తప్ప ఎవరూ చూడకూడదు. మొదటిసారి పాప పేరు ఒక్కరు రాసి, రెండోసారి నలుగురు రాస్తే దారి సరైనదే. మొదట ముగ్గురు రాసి తర్వాత ఎవరూ రాయకపోతే, పాప ఎంత గొప్ప నిరూపణలు రాసినా మనం చేస్తున్నది తప్పు. ఎక్కువసార్లు కారణం ఏమిటంటే గుంపు ఎప్పుడూ ఆ నలుగురిదే అయిపోవడం. ప్రతి పాఠానికి ముందస్తు పరీక్ష చూసి గుంపు మార్చాలి. పాప తప్ప మిగిలిన ముగ్గురూ మారుతుండాలి, కొన్ని పాఠాలకు పాప కూడా గుంపులో ఉండకూడదు. జ్యామితిలో ఇంకొకరు ముందుండవచ్చు.

చీటీలకు ముందే కనిపించే గుర్తులు కొన్ని ఉన్నాయి. తెలిసిన జవాబును కావాలని తప్పు చెప్పడం, మధ్యాహ్న భోజనం దగ్గర పక్కన ఎవరూ లేకుండా కూర్చోవడం, లెక్కల పీరియడుకు ముందు తలనొప్పి అనడం, ఇంటి దగ్గర చేసిన పుస్తకాన్ని బడికి తేకపోవడం. వీటిలో ఏది వరుసగా రెండు వారాలు కనిపించినా పని తగ్గించి, తోడును సరిచేయాలి.

తల్లిదండ్రులు ఇంకొకదానికి సిద్ధపడాలి. లోతుగా పనిచేసే బిడ్డకు యూనిట్ పరీక్షలో మార్కులు మొదట్లో కొంచెం తగ్గవచ్చు, ఎందుకంటే మనసులో చేసిన సోపానాలను కాగితం మీద రాయదు. దానికి మందు నెలకు ఒక పుట సోపానాలు రాయించడం, పని మాన్పించడం కాదు. బంధువుల ఇళ్లలో, పెళ్లిళ్లలో బిడ్డను నిలబెట్టి పెద్ద గుణకారాలు చేయించడం మాత్రం ఆపేయాలి. పక్కింటి పిల్లలు అప్పటినుంచే దూరం జరుగుతారు.

ఎనిమిదో తరగతిలో మళ్లీ ఆలోచించవలసినది

ఈ దారి ఏడో తరగతి చివరి వరకు నిలుస్తుంది. ఎనిమిదో తరగతి నుంచి బిడ్డ ఐ.ఓ.క్యూ.ఎం. అనే గణిత ఒలింపియాడ్ తొలి అర్హత పరీక్ష రాయవచ్చు. మూడు గంటల్లో ముప్పై ప్రశ్నలు, జవాబులన్నీ పూర్ణ సంఖ్యలు. అది దాటినవారికి ప్రాంతీయ స్థాయిలో నిరూపణలు పూర్తిగా రాయాలి. ఐచ్ఛికాల సాధన అక్కడ చాలదు. గ.సా.భా. కర్ణాల వంటి పనుల్లో రెండేళ్లు మాటల్లో నిరూపణ చెప్పి, రాసి అలవాటైన బిడ్డ ఆ మెట్టు దగ్గర భయపడదు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతిలోనే ఎన్.ఎం.ఎం.ఎస్. ఉపకార వేతనానికి కూడా పరీక్ష ఉంటుంది. కుటుంబ ఆదాయ పరిమితికి లోబడి ఎంపికైనవారికి తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. కూటంలోని పిల్లలందరినీ కలిపి దానికి కూర్చోబెట్టడం మంచిది, ఎందుకంటే అప్పుడు అది పాప ఒక్కదాని పరీక్ష కాదు.

ఈ దారి పనికిరాని సందర్భాలు మూడు. మాస్టారికి పాఠానికి గంట సమయం పెట్టే ఓపిక గానీ వీలు గానీ లేకపోవడం మొదటిది. అప్పుడు శనివారం కూటాన్ని ఊళ్లో గణితం చదివిన ఇంకొకరు నడపగలరేమో చూడాలి. రెండో చీటీల తర్వాత కూడా తోడు ఒక్కరూ నిలవకపోవడం రెండోది. ఎనిమిదో తరగతి నాటికి బిడ్డ పాఠ్యపుస్తకాన్ని ఏడాది, రెండేళ్లు దాటిపోయి తరగతి ప్రశ్న ఏదీ తనకు ప్రశ్నగా అనిపించకపోవడం మూడోది. మూడింటిలో ఏది జరిగినా బడి మార్చే ఆలోచన న్యాయమైనదే. కొత్త బడిని చూడడానికి వెళ్లినప్పుడు ఫీజు, ర్యాంకులు అడిగాక ఇంకొకటి అడగండి: ఇక్కడ పిల్లలు ఒక లెక్క మీద కలిసి మాట్లాడుకునే సమయం వారంలో ఎంత ఉంటుందని. జవాబు చెప్పేవారు మాటలతో సరిపెడితే, ఒక గణితం పీరియడులో వెనక కూర్చుని చూడడానికి అనుమతి కోరండి. పిల్లలు పక్కవారి కాగితం వైపు తిరిగి మాట్లాడుతున్నారా, బోర్డు వైపు మాత్రమే చూస్తున్నారా అన్నది ఆ ఒక్క పీరియడులోనే తెలుస్తుంది.